మూడో ఆదివారం లష్కర్

ఆషాఢంలో బోనాలు ఏ వారమో ఎవరు నిర్ణయిస్తారు, ఎవరు చాటుతారు? ఆడి మాసం లెక్కలో బతికే కల్లావి తెలుగువాళ్లకు ఆ లెక్క ఎలా అందుతుంది?

2023 జూలై 22, శనివారం. కల్లావి నుంచి సామల్పట్టికి వచ్చి రైలెక్కి, జోలార్పేటలో మారి, సికింద్రాబాద్‌లో దిగాం నేనూ అమ్మా. అమ్మ సంచిలో కొత్త పసుపుకొమ్ములు, మా పెరటి వేపకొమ్మ, అమ్మవారికి జాకెట్ గుడ్డ ఉన్నాయి. మోండా మార్కెట్ దగ్గర ఉండే మా అక్క తలుపు తీసి, సంచి చూసి, ఒక్క క్షణం ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా అంది, "అమ్మా, లష్కర్ బోనాలు అయిపోయి రెండు వారాలైంది. లాల్ దర్వాజా కూడా పోయిన ఆదివారమే అయిపోయింది. ఆషాఢమే వెళ్లిపోయింది కదా."

అమ్మకు అర్థం కాలేదు. "అదేంటే, ఆడి పుట్టి ఆరు రోజులు కూడా కాలేదు. రేపే కదా మొదటి ఆదివారం" అంది.

తప్పు నాదే. మా ఇంట్లో రోజుకో కాగితం చింపే క్యాలెండర్ అరవంలో ఉంటుంది. ఆడి ఒకటో తేదీ జూలై 17 అని అందులో చూసి, ఆడీ ఆషాఢమూ ఒకటే అనుకుని, మొదటి ఆదివారానికి టికెట్ తీశాను. ఆడి మొదలైన ఆ జూలై 17నే తెలుగు ఆషాఢానికి అమావాస్య, అంటే ఆఖరి రోజు. మేము పండుగకు బయలుదేరేసరికి పండుగ నెలే దాటిపోయింది. అమ్మ ఆ సాయంత్రం గుడికి వెళ్లి జాకెట్ గుడ్డ ఇచ్చి వచ్చింది కానీ, బోనం ఎత్తలేకపోయానన్న బాధ ఆమెకు ఇంటికి వచ్చేదాకా తగ్గలేదు.

ఆ బాధే నన్ను ఈ లెక్క నేర్చుకునేలా చేసింది.

ఒకే పేరు, రెండు నెలలు

ఆడి అన్న మాట ఆషాఢం నుంచి వచ్చిందే. కృష్ణగిరి, హోసూరు వైపు తెలుగిళ్లలో రెండు పేర్లూ కలిసిపోయి వినిపిస్తాయి. ఉగాది చేసుకునేటప్పుడు చంద్రుడి నెల చూస్తాం. మారెమ్మకు అంబలి పోసేటప్పుడు, ఆడి పద్దెనిమిదికి ఏటికి వెళ్లేటప్పుడు సూర్యుడి నెల చూస్తాం. రెండు లెక్కలూ ఒకే ఇంట్లో నడుస్తుంటే, ఏ పండుగ ఏ లెక్కదో గుర్తుపెట్టుకోవాల్సిన పని పెద్దవాళ్లది.

ఆడి సూర్యుడి నెల. సూర్యుడు కర్కాటక రాశిలోకి అడుగుపెట్టగానే మొదలవుతుంది. అందుకే ఏటా జూలై నడిమధ్యనే, ఒక రోజు అటూ ఇటూగా వస్తుంది. తెలుగువాళ్ల ఆషాఢం చంద్రుడి నెల. అమావాస్య మరునాడు పాడ్యమితో మొదలై, తిరిగి అమావాస్యతో ముగుస్తుంది. చంద్రుడి పన్నెండు నెలలు కలిస్తే 354 రోజులే. అందుకే ఆషాఢం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, అధికమాసం వచ్చిన ఏడు మళ్లీ వెనక్కి వస్తుంది.

అయినా ఈ రెండింటినీ కలిపే ముడి ఒకటుంది. ఏ చాంద్రమాసంలో సూర్యుడు కర్కాటకంలోకి వెళ్తాడో ఆ మాసాన్నే ఆషాఢం అంటారు. అంటే ఆడి ఒకటో తేదీ తెలుగు ఆషాఢంలోనే ఎక్కడో ఒకచోట పడాలి. మొదట్లో పడితే రెండు నెలలూ దాదాపు కలిసి నడుస్తాయి. చివర్లో పడితే, ఒకటి వస్తుండగా రెండోది వెళ్లిపోతుంది. 2023లో జరిగింది అదే. ఆ ఏడు ఆషాఢం జూన్ 19న మొదలై జూలై 17న ముగిసింది. ఆడి ఆ చివరి రోజున పుట్టింది.

కల్లావిలో అరవ క్యాలెండర్ పెట్టుకుని బోనాలు తెలుసుకోవాలంటే దారి ఇదే. ఆడి ఒకటో తేదీ చూడాలి. దానికి ముందు వచ్చిన అమావాస్య దగ్గరికి వెళ్లాలి. 2023లో లాగా ఆ రోజే అమావాస్య అయితే, దాన్ని వదిలి దాని వెనుకటి అమావాస్యను పట్టుకోవాలి. ఆ మరునాడే ఆషాఢ పాడ్యమి. అక్కడి నుంచి ఆదివారాలు లెక్కపెట్టాలి.

నగరం పంచుకున్న ఆదివారాలు

హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో బోనాలు ఒక్క రోజు పండుగ కాదు. ఆషాఢంలోని ఆదివారాలను ఊరి భాగాలు పంచుకున్నాయి. మా అక్క దీన్ని పెద్ద శాస్త్రంలా చెప్పదు. "మొదట గోల్కొండ. మూడో ఆదివారం లష్కర్. నాలుగో ఆదివారం లాల్ దర్వాజా. ఎప్పుడూ అంతే తమ్ముడూ" అంటుంది. లష్కర్ అంటే సికింద్రాబాద్. సైన్యం విడిది చేసిన చోటు కాబట్టి ఆ పేరు నిలిచింది.

తొలి బోనం గోల్కొండ కోట మీది జగదాంబిక అమ్మవారిది. అక్కడ పూజకు రెండు వారాలు, గురువారం, ఆదివారం. పాడ్యమి వచ్చాక ఈ రెండింటిలో ఏది ముందు వస్తే ఆ రోజే మొదలు. 2022లో పాడ్యమి గురువారమే పడింది, జూన్ 30న ఆ రోజే మొదలుపెట్టారు. 2023లో పాడ్యమి సోమవారం. ముందొచ్చిన వారం గురువారం, జూన్ 22. 2024లో పాడ్యమి శనివారం. మరునాడే ఆదివారం కాబట్టి జూలై 7న తొలి బోనం ఎక్కింది. లంగర్‌హౌస్ నుంచి ఊరేగింపుగా తొట్టెలు, పట్టువస్త్రాలు కోటకు వెళ్తాయి. ఛోటా బజార్‌లో పూజారి ఇంటి నుంచి అమ్మవారి విగ్రహాలు పైకి వస్తాయి.

గోల్కొండలో ఆ రోజు మొదలుపెట్టి, ప్రతి గురువారం, ప్రతి ఆదివారం చేస్తూ తొమ్మిది పూజలు పూర్తిచేస్తారు. ఊరంతా తిరిగిన పండుగ మళ్లీ కోట మీదే ముగుస్తుంది.

రెండోది సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి జాతర, ఆషాఢంలో మూడో ఆదివారం. మరునాడు సోమవారం రంగం. పచ్చి కుండ మీద నిలబడి మాతంగి ఏడాది భవిష్యం చెబుతుంది. ఈ గుడి చరిత్ర ఉజ్జయిని నుంచే మొదలవుతుంది. 1813లో జంట నగరాల్లో కలరా చెలరేగినప్పుడు, సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య బదిలీ మీద ఉజ్జయినిలో ఉన్నాడని, జనం బతికితే అమ్మవారిని తన ఊళ్లో నిలుపుతానని మహంకాళికి మొక్కుకున్నాడని, 1815లో తిరిగి వచ్చి కొయ్య విగ్రహం నిలిపాడని ఆలయ చరిత్ర చెబుతుంది.

మూడోది పాతబస్తీలో లాల్ దర్వాజా సింహవాహిని మహంకాళి, నాలుగో ఆదివారం. మరునాడు సోమవారం పాతబస్తీ గుళ్ల ఘటాలన్నీ ఊరేగింపుగా కదులుతాయి. హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద వస్తుంది. నయాపూల్ దగ్గర మూసీలో సాగనంపుతారు.

2025నే తీసుకుని లెక్క కట్టి చూద్దాం. జూన్ 25, బుధవారం అమావాస్య. 26, గురువారం ఆషాఢ పాడ్యమి. గురువారమే కాబట్టి ఆ రోజే గోల్కొండ తొలి బోనం. ఆ నెలలో ఆదివారాలు జూన్ 29, జూలై 6, 13, 20. మూడోది జూలై 13, లష్కర్ బోనాలు. 14న రంగం. నాలుగోది జూలై 20, లాల్ దర్వాజా. గోల్కొండలో జూన్ 26 నుంచి గురువారాలు, ఆదివారాలు కలిపి లెక్కపెడితే తొమ్మిదోది జూలై 24, గురువారం. ఆ రోజే ఆషాఢ అమావాస్య. నెల మొదటి రోజున మొదలైన పండుగ నెల ఆఖరి రోజున ముగిసింది.

ఏటా ఇంత చక్కగా కుదరదు. తొమ్మిది పూజలకు మొదటి రోజుతో కలిపి 29 రోజులు కావాలి. చాంద్రమాసం 29 రోజులో 30 రోజులో ఉంటుంది. పాడ్యమి నాడో, మహా అయితే విదియ నాడో మొదలైతేనే తొమ్మిదీ నెలలో ఇముడుతాయి.

ఎవరు చాటుతారు?

మనం లెక్క కట్టుకున్నా, "పండుగ వచ్చింది" అని చెప్పే గొంతు ఒకటి కావాలి. బోనాలకు అలాంటి గొంతులు మూడున్నాయి.

అన్నిటికన్నా ముందు వినిపించేది సర్కారు సెలవుల జాబితా. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక బోనాలను రాష్ట్ర పండుగగా ప్రకటించారు. అప్పటి నుంచి ఏటా ముందటి ఏడాది చివర్లో వచ్చే సెలవుల ఉత్తర్వులో బోనాలకు ఒక సోమవారం ఉంటుంది. 2023లో అది జూలై 17. 2024లో జూలై 29. 2025లో జూలై 21. అది లాల్ దర్వాజా ఊరేగింపు జరిగే సోమవారం. ఈ ఒక్క తేదీ దొరికితే చాలు. దానికి ముందు రోజు లాల్ దర్వాజా బోనాలు, అంతకు ముందు ఆదివారం లష్కర్. 2023 జనవరిలోనే ఆ జాబితా ఒక్కసారి చూసి ఉంటే మా అమ్మ ఆ ఏడు బోనం ఎత్తేది.

రెండోది మంత్రి మాట. పండుగకు కొన్ని వారాల ముందు హైదరాబాద్ మంత్రి, దేవాదాయ శాఖ, పోలీసులు, జలమండలి, విద్యుత్ అధికారులు, గుళ్ల కమిటీలు కూర్చుని సమీక్ష చేస్తారు. పాతబస్తీ గుళ్ల తరఫున ఉమ్మడి దేవాలయాల ఊరేగింపు కమిటీ వస్తుంది. అది ముగిశాక మంత్రి బయటికి వచ్చి, గోల్కొండ ఫలానా రోజు, సికింద్రాబాద్ ఫలానా రోజు, పాతబస్తీ ఫలానా రోజు అని చెబుతారు. 2023లో తలసాని శ్రీనివాస్ యాదవ్ చెప్పిన తేదీలు జూన్ 22, జూలై 9, జూలై 16. మరునాడు పత్రికల్లో "బోనాల తేదీలు ఖరారు" అని వస్తుంది. చదివేవాళ్లకు తేదీలను మంత్రే నిర్ణయించినట్టు అనిపిస్తుంది. ఆ మూడు తేదీలనూ పాడ్యమి నుంచి లెక్క కట్టి చూడండి. జూన్ 19 తర్వాత మొదటి గురువారం 22. ఆదివారాలు జూన్ 25, జూలై 2, 9, 16. మూడోది 9, నాలుగోది 16. ఆ సమీక్షలో నిజంగా తేలేది తేదీ కాదు. గుళ్లకు ఇచ్చే డబ్బు, ఏ దారి మూసేయాలన్నది, నీళ్లు ఎక్కడ పెట్టాలన్నది, క్యూలైన్లు ఎన్ని అన్నది. తేదీ గుళ్లవాళ్లతో పాటే గదిలోకి వస్తుంది.

మూడో గొంతు ఘటానిది. ఇదే అసలు చాటింపు. జాతరకు సరిగ్గా రెండు వారాల ముందు, అంటే ఆషాఢం మొదటి ఆదివారం సాయంత్రం, ఉజ్జయిని మహంకాళి ఘటం కర్బలా మైదానంలో సిద్ధమవుతుంది. దీన్ని ఎదుర్కోలు అంటారు. రాగి చెంబును పసుపు కుంకుమలతో, పూలతో, అమ్మవారి ముఖంతో అలంకరించి పూజారి తల మీద పెట్టుకుంటాడు. ఒళ్లంతా పసుపు. ముందు డప్పులు. గుడి దాకా వచ్చాక ఘటం ఆగిపోదు. ఆ రోజు నుంచి రోజూ బస్తీలు తిరుగుతుంది. ఇంటి గడపలో ఆడవాళ్లు సాక పోస్తారు. సాక అంటే చెంబు నీళ్లలో పసుపు, వేపరెమ్మలు వేసి ఘటం మోసే మనిషి కాళ్ల ముందు పారబోయడం. మా అక్కకు పండుగ మొదలైనట్టు తెలిసేది ఆ క్షణాన్నే. "పేపర్లో తేదీ చదివితే తెలుస్తుంది తమ్ముడూ. ఘటం గడపకొస్తే ఒంటికి తెలుస్తుంది. ఆ రోజు నుంచి బోనం కుండ కోసం చూడాలి, సున్నం తెచ్చుకోవాలి, చుట్టాలకు ఫోన్లు చేయాలి" అంటుంది.

లెక్క తప్పే చోట్లు

ఆదివారాల లెక్క చిన్నదే అయినా, తప్పిపోవడానికి మూడు చోట్లున్నాయి. ఆడి దగ్గర జరిగే తప్పు మా ఇంటి అనుభవం, పైన చెప్పాను.

రెండోది అధికమాసం. సూర్యుడు ఏ రాశిలోకీ మారని చాంద్రమాసాన్ని అధికం అంటారు. 2015లో ఆషాఢమే అధికమైంది. జూన్ 17 నుంచి జూలై 16 దాకా అధిక ఆషాఢం, జూలై 17 నుంచి నిజ ఆషాఢం. అధికంలో బోనాలు చేయరు. క్యాలెండర్‌లో "ఆషాఢం" అన్న మాట కనిపించగానే లెక్క మొదలుపెట్టినవాళ్లు నెల ముందే సిద్ధమైపోతారు. ఆ ఏడు నిజ ఆషాఢంలో పాడ్యమి శుక్రవారం. ముందొచ్చిన వారం ఆదివారం, జూలై 19న గోల్కొండ. మూడో ఆదివారం ఆగస్టు 2న సికింద్రాబాద్. నాలుగో ఆదివారం ఆగస్టు 9న లాల్ దర్వాజా. ఇక్కడా ఆడి ఒకటో తేదీ మనకు సాయం చేస్తుంది. అది పడేది నిజ ఆషాఢంలోనే, అధికంలో పడదు.

మూడోది ఐదు ఆదివారాల ఆషాఢం. నెల ఆదివారంతో మొదలైనా, 30 రోజుల నెల దానికి ఒక రోజు ముందు మొదలైనా ఐదు ఆదివారాలు దొరుకుతాయి. 2024లో అవి జూలై 7, 14, 21, 28, ఆగస్టు 4. లాల్ దర్వాజా బోనాలను కొందరు "ఆషాఢం ఆఖరి ఆదివారం" అని గుర్తుపెట్టుకుంటారు. నాలుగు ఆదివారాలున్న ఏడు ఆ మాట సరిపోతుంది. 2024లో ఆ మాట నమ్మినవాళ్లు వారం ఆలస్యంగా వచ్చేవాళ్లే. పండుగ జరిగింది జూలై 28న. ఆగస్టు 4 అమావాస్య ఆదివారం, గోల్కొండ తొమ్మిదో పూజ. అందుకే ఎప్పుడూ పాడ్యమి నుంచి ముందుకు లెక్కపెట్టాలి, అమావాస్య నుంచి వెనక్కి కాదు.

ఫోన్‌లో చూసుకునేవాళ్లు ఒకటి గమనించాలి. ఉత్తరాది పంచాంగంలో నెల పౌర్ణమి మరునాడు మొదలవుతుంది. అందువల్ల వాళ్ల ఆషాఢం మనకంటే పక్షం ముందే వచ్చేస్తుంది. 2025లో అక్కడ జూన్ 12నే ఆషాఢం. అది పెట్టుకుని లెక్కపెడితే మూడో ఆదివారం జూన్ 29 అవుతుంది. ఆ రోజు సికింద్రాబాద్‌లో దిగితే కనిపించేది బోనాలు కాదు, ఎదుర్కోలు.

కల్లావి నుంచి 2026 లెక్క

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు. మంత్రి సమీక్ష దాకా ఆగితే మాలాంటి ఊళ్లవాళ్లకు సీటు దొరకదు. అందుకే ఇప్పుడు మా ఇంట్లో ముందే లెక్క కట్టుకుంటాం.

2026లో జ్యేష్ఠం అధికం. అందుకే ఆషాఢం వెనక్కి జరిగింది. జూలై 14 మధ్యాహ్నం అమావాస్య వెళ్లిపోతుంది. 15, బుధవారం పాడ్యమి. ముందొచ్చే వారం గురువారం, జూలై 16, గోల్కొండ లెక్క. ఆదివారాలు జూలై 19, 26, ఆగస్టు 2, 9. లష్కర్ ఆగస్టు 2, లాల్ దర్వాజా ఆగస్టు 9. ఆగస్టు 12తో ఆషాఢం ముగుస్తుంది. గోల్కొండ గురు, ఆదివారాలు నెలలో ఎనిమిదే దొరుకుతాయి, తొమ్మిదోది ఆగస్టు 13, శ్రావణ పాడ్యమి మీద పడుతుంది. మన ఆడి జూలై మధ్యలో పుట్టి ఆగస్టు మధ్య దాకా ఉంటుంది. 2023లో ఒకదాన్నొకటి తాకి విడిపోయిన ఆడి, ఆషాఢం ఈ ఏడు దాదాపు భుజం భుజం కలిపి నడుస్తాయి. ఇక్కడ మారెమ్మకు అంబలి కాగుతున్న వారాల్లోనే అక్కడ మహంకాళికి బోనం వండుతారు.

2025లో మేం ఎవరి ప్రకటన కోసమూ ఆగలేదు. అమావాస్య చూసుకుని, మూడో ఆదివారం జూలై 13 అని వేళ్ల మీద లెక్కపెట్టి, మే నెలలోనే టికెట్ తీశాను. అయినా అమ్మకు పూర్తిగా ధైర్యం రాలేదు. "పోయినసారీ ఇలాగే చెప్పావు కదప్పా" అంది.

జూన్ 29, ఆదివారం సాయంత్రం అక్క ఫోన్ చేసింది. ఏమీ మాట్లాడకుండా ఫోన్ గుమ్మం బయటికి పట్టుకుంది. డప్పులు దగ్గరవుతున్నాయి. ఎవరో ఆడమనిషి గొంతెత్తి అమ్మవారిని పిలుస్తోంది. గడపలో నీళ్లు పోసిన చప్పుడు. అమ్మ ఫోన్ చెవికి ఆనించుకుని అది పూర్తయ్యేదాకా అలాగే నిలబడింది. తర్వాత పెరట్లోకి వెళ్లి వేపచెట్టు కింద నిలబడి, కొమ్మల్లో లేత రెమ్మలు ఎక్కడున్నాయో చూసుకుంది. ఇంకా రెండు వారాలుంది. ఇప్పుడే కోస్తే వాడిపోతాయని, ఏ కొమ్మ కోయాలో మాత్రం గుర్తు పెట్టుకుంది.

జూలై 13 ఉదయం సికింద్రాబాద్‌లో కొత్త కుండకు పసుపు రాసి, సున్నంతో, కుంకుమతో చుక్కలు పెట్టి, పాలూ బెల్లమూ వేసి వండిన అన్నం అందులో నింపి, మూత మీద దీపం వెలిగించి అక్క అమ్మ తలకెత్తింది. కుండ మూతి చుట్టూ కట్టిన వేపరెమ్మలు కల్లావివి.